యాసంగిలో బోరు కింద వరా, శనగా?

ఖరీఫ్, రబీ పంటలకు తేడా ఏంటి? ఏది వేయాలో రైతు ఎలా తేల్చుకుంటాడు?

జూన్, జులైలో తొలకరికి విత్తేది ఖరీఫ్, తెలంగాణలో వానాకాలం పంట. అక్టోబరు తర్వాత వేసేది రబీ, అంటే యాసంగి. అసలు తేడా నీళ్ల దగ్గరే. వానాకాలం వరికి వాన సాయం ఉంటుంది. యాసంగిలో దాదాపు అంతా బోరే పోయాలి. వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి, ఎకరానికి లెక్కేస్తే 48 లక్షల లీటర్లు!

జనవరిలో నాట్లప్పుడు బోరు బాగానే పోస్తుంది. టెన్షన్ మొదలయ్యేది మార్చిలో. పొట్ట దశలో తడి అందకపోతే కంకి తెల్లబడి తాలు మిగులుతుంది. డిసెంబరులోనే బోరు ఆగి ఆగి పోస్తుంటే వరి తగ్గించుకోవడం మేలు. నల్లరేగడైతే నేనైతే డిసెంబరు దాకా ఆగకుండా ముందే శనగ వేస్తాను. అక్టోబరులో విత్తితే నేలలో మిగిలిన పదునుతోనే చాలావరకు పండుతుంది. పూతకు ముందు ఒక తడి ఇవ్వగలిగితే ఇంకా మంచిది.