కిరణజన్య సంయోగక్రియకు ముందు కాన్సెప్ట్ మ్యాప్

“ఏడో తరగతి పిల్లలతో కాన్సెప్ట్ మ్యాప్ గీయించాను. అందరివీ ఒకేలా ఉన్నాయి. వాళ్లకు ముందే ఏం తెలుసో ఎలా పట్టుకోవాలి?”

మేడమ్, మాటలను కలిపే బాణాల మీద ఏమైనా రాయించారా? పిల్లల ఆలోచన బయటపడేది అక్కడే. బోర్డు మీద మొక్క, ఆకు, వేరు, నేల, నీరు, గాలి, ఎండ, ఆహారం అనే మాటలు మాత్రమే రాయండి. పత్రహరితం లాంటి పాఠంలోని మాటలు ఇవ్వకండి, ఇస్తే బట్టీ పట్టినవే రాస్తారు. ప్రతి బాణం మీద ఒక క్రియాపదం ఉండాలి.

‘నేల → ఆహారం’ బాణం మీద ‘ఇస్తుంది’ అని చాలామంది రాస్తారు. గాలి ఏ బాణమూ లేకుండా మిగిలిపోతుంది. ఈ రెండూ ఒకే అపోహ: మొక్క వేళ్లతో తింటుందని. ఖాళీగా వదిలిన చోట మాత్రం నోటితో అడగండి, తెలిసినా రాయలేని పిల్లలుంటారు.

అప్పుడు పాఠాన్ని శాస్త్రవేత్త వాన్ హెల్మాంట్ కుండీలో పెంచిన విల్లో మొక్కతో మొదలుపెట్టండి. అయిదేళ్లలో అది దాదాపు 74 కిలోలు పెరిగితే, కుండీలో మట్టి తగ్గింది సుమారు 57 గ్రాములే. ఆ బరువంతా నీటిదే అనుకున్నాడాయన. గాలి పాత్ర ఆయనకూ అందలేదు. పాఠం అయ్యాక అదే మ్యాప్‌ను వేరే రంగు పెన్నుతో దిద్దించండి.