ఆయనకు ఆయాసం, నాకు నత్తనడక.. కలిసి పరిగెత్తేదెలా?

ప్రశ్న: నా వయసు 36. పక్కింటి అన్నయ్యకు 46. రెండేళ్లుగా ఇద్దరం విశాఖ ఆర్కే బీచ్ రోడ్డులో వారానికి నాలుగు రోజులు కలిసి పరిగెడుతున్నాం. హాఫ్ మారథాన్ నాకు 1 గంట 50 నిమిషాలు పడుతుంది, ఆయనకు రెండున్నర గంటలు. ఇద్దరం సర్దుకుని కిలోమీటరుకు 7 నిమిషాల చొప్పున వెళ్తుంటాం. ఏడాదిగా నా టైమ్ మెరుగుపడలేదు. ఆయనకు మోకాలి కింద ఎముక వెంట నొప్పి మొదలైంది. బీపీ మాత్ర వాడతారు. నోటితో చెబితే నొచ్చుకుంటారని ఉత్తరం రాద్దామనుకున్నా. 'అన్నయ్యా, మీ కోసం నా స్పీడ్ తగ్గించుకుంటున్నాను' అని మొదలుపెట్టి ఆపేశాను. ఇద్దరికీ మేలు జరిగేలా ఏమని రాయాలి?
– ఓ పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందు ఆ మొదటి వాక్యం కొట్టేయండి. ఆయన నొచ్చుకుంటారని మాత్రమే కాదు, అది నిజం కూడా కాదు కాబట్టి.

లెక్క చూడండి. 21.1 కిలోమీటర్ల హాఫ్‌కి రెండున్నర గంటలంటే కిలోమీటరుకు దాదాపు 7 నిమిషాల 7 సెకన్లు. అది ఆయన రేసు రోజు వేగం. అంటే మీరిద్దరూ 'సర్దుకుని' వెళ్తున్న 7 నిమిషాల పరుగు మీకు తేలిక. ఆయనకు మాత్రం ప్రతిసారీ చిన్న రేసే. వారానికి నాలుగు రేసులు! సర్దుకుంటున్నది మీరు కాదు, ఆయన.

1 గంట 50 నిమిషాల్లో హాఫ్ పూర్తిచేసేవారికి తేలిక పరుగు కిలోమీటరుకు సుమారు ఆరుంపావు నుంచి 7 నిమిషాల మధ్య ఉంటుంది. మీరు రోజూ దాని చివరి అంచున ఉన్నారు. అందులో తప్పు లేదు, కానీ వారం మొత్తంలో వేగంగా పరిగెత్తే రోజు ఒక్కటీ లేదు. టైమ్ కదలకపోవడానికి కారణం అదే. ఆయన తేలిక పరుగు 8 నిమిషాల నుంచి ఎనిమిదిన్నర దాకా ఉండాలి. ఆ వేగంలో ఆయన బహుశా ఒక్కరోజు కూడా పరిగెత్తి ఉండరు. ఊపిరితిత్తులూ గుండే కొన్ని వారాల్లో అలవాటు పడతాయి గానీ ఎముకకు నెలలు కావాలి. ఆ తేడాయే ఇప్పుడు నొప్పిగా బయటపడుతున్నట్టుంది.

ఈ నొప్పి విషయం ఉత్తరానికి ముందే తేలాలి. ఎముక లోపలి అంచు వెంట నాలుగు వేళ్ల వెడల్పున లేదా ఇంకా ఎక్కువ మేర నొక్కితే నొప్పి ఉండి, పరుగు మొదట్లో బాధించి ఒళ్లు వేడెక్కాక తగ్గుతుంటే, అది చాలావరకు 'షిన్ స్ప్లింట్స్'. పరుగు తగ్గించి, వేగం తగ్గిస్తే సర్దుకుంటుంది. అలా కాకుండా ఒక్క వేలితో చూపించగలిగే చోటే నొప్పి ఉన్నా, మామూలు నడకలోనూ ఉన్నా, రాత్రి పడుకున్నాక సలిపినా ఎముకలో సన్నని చీలిక వచ్చిందేమోనని అనుమానించాలి. అప్పుడు పరుగు పూర్తిగా ఆపి ఎముకల డాక్టర్‌కు చూపించాలి. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. 'ఎక్స్‌రే నార్మల్' అన్నారని మర్నాడే బీచ్‌కి వచ్చేసిన పేషెంట్లను చాలామందిని చూశాను. అనుమానం బలంగా ఉంటే ఎంఆర్ఐ అవసరమవుతుంది.

అది షిన్ స్ప్లింట్సే అని తేలితే, ఉత్తరం ఇలా ఉంటే బాగుంటుందని నాకనిపిస్తోంది. మాటలు మీకు నచ్చినట్టు మార్చుకోండి, లెక్కలు మాత్రం మార్చకండి.

"అన్నయ్యా,

ఈసారి నేవీ మారథాన్ హాఫ్‌లో 1 గంట 45 నిమిషాలు కొట్టాలని ఉంది. దానికి వారంలో ఒకరోజైనా గట్టిగా పరిగెత్తాలి, నేను ఆ పని చేయడం లేదు. అదే సమయంలో మీతో పరుగు మానుకోవడం నాకిష్టం లేదు. మీరు గేటు దగ్గర నిలబడి ఉంటారన్న భయం లేకపోతే నేను ఐదింటికి లేచే మనిషినే కాదు.

ఇంకో సంగతి. మనం వెళ్లే 7 నిమిషాల పేస్ మీకు రేసు పేస్ అని నాకిన్నాళ్లూ తట్టలేదు. మీరు ఎప్పుడూ 'ఆగు' అనలేదు, నేను అడగలేదు. అందుకే ఒక ఏర్పాటు ఆలోచించాను.

గురు, ఆదివారాలు మనం దూరం చూడొద్దు, గడియారం చూద్దాం. కాళీమాత గుడి దగ్గర కలిసి బయల్దేరదాం. టెన్నేటి పార్కు వైపు ఎవరి వేగంలో వాళ్లం 25 నిమిషాలు వెళ్లి, ఎక్కడున్నా అక్కడే వెనక్కి తిరుగుదాం. కిలోమీటరుకు ఆరున్నర నిమిషాల చొప్పున నేను 3.8 కిలోమీటర్ల దాకా వెళ్తాను. ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్ల చొప్పున మీరు 3 కిలోమీటర్లు వెళ్తారు. తిరిగి గుడి దగ్గరికి ఇద్దరం ఒకేసారి వస్తాం. ఎవరూ ఎవరి కోసం ఎదురుచూడక్కర్లేదు. ఎవరైనా ఆలస్యంగా వస్తే, వెళ్లేటప్పుడు ఎక్కువ ఉరికారని అర్థం. ఆ రోజు టీ వాళ్ల ఖర్చు. ఆదివారం ఇదే పద్ధతిలో 40 నిమిషాలు వెళ్లి తిరుగుదాం.

శనివారం మీ వేగంలో 40 నిమిషాలు, పక్కపక్కనే. మర్నాడు లాంగ్ రన్ కాబట్టి నాకూ అదే కావాలి. కబుర్లన్నీ ఆ రోజుకి దాచుకుందాం.

మంగళవారం మాత్రం మీకు కష్టమైన రోజు. మీ కాలి నొప్పి పూర్తిగా తగ్గి మూడు వారాలు అయ్యాకే ఇది మొదలుపెడదాం. పది నిమిషాలు నెమ్మదిగా వెళ్లి, తర్వాత 20 నిమిషాలు మన పాత 7 నిమిషాల పేస్‌లో వెళ్దాం. నేను మీకు అరడుగు వెనకే ఉంటాను. వారం విడిచి వారం దీనికి బదులు విజిల్ ఆట. మూడు నిమిషాలు ఎవరికి వాళ్లం గట్టిగా పరిగెత్తి, విజిల్ వేయగానే ఆపుతాం. అప్పటికి నేను మీకంటే 150 మీటర్లు ముందుంటాను. రెండు నిమిషాల విశ్రాంతిలో నేను వెనక్కి నడుస్తాను, మీరు ముందుకు నడవండి, మధ్యలో కలుస్తాం. మళ్లీ కలిసే మొదలు. నేను ఆరుసార్లు చేస్తాను, మీరు మొదట మూడుతో ఆపేయండి.

మీకేది నచ్చలేదో చెప్పండి, మారుద్దాం."

ఇందులో కొన్ని విషయాలు మీకు విడిగా చెప్పాలి.

మంగళవారం పరుగు మీకు తేలిక, ఆయనకు గట్టి వ్యాయామం. మీరు రెండేళ్లుగా చేస్తున్నది సరిగ్గా ఇదే. మందు మంచిదే, మోతాదే తప్పింది. వారానికి ఒకసారి 20 నిమిషాలైతే ఆయన వేగాన్ని పెంచేది, నాలుగుసార్లయ్యేసరికి ఎముకను పట్టుకుంది. ఆ రోజు మీరు అరడుగు వెనకే ఉండాలని మర్యాద కోసం రాయలేదు. పక్కవాడు కాస్త ముందుంటే తెలియకుండానే కాళ్లు వాడిని అందుకోబోతాయి, మీరు మళ్లీ కాస్త ముందుకు జరుగుతారు. రెండు కిలోమీటర్లు దాటేసరికి 7 నిమిషాలు కాస్తా ఆరున్నర అవుతుంది. పీజీ రోజుల్లో నేను ఇలాగే ఒక క్లాస్‌మేట్ భుజం వెనక పరిగెత్తి, రెండు నెలలు కుంటుతూ నడిచాను. వాడికి ఇప్పటికీ తెలియదు.

ఇక గురువారం మీది. బయటికి ఎంత దూరం వెళ్లారో ఎవరూ అడగరు కాబట్టి, కాలం పూర్తి కాకుండా తిరగనంతవరకు మీ వేగపు పరుగు ఆ 50 నిమిషాల్లోనే పెట్టుకోవచ్చు. వెళ్లేటప్పుడు పది నిమిషాలు, వచ్చేటప్పుడు పది నిమిషాలు కిలోమీటరుకు 5 నిమిషాల 5 సెకన్ల దగ్గర పరిగెత్తండి, మిగతాది తేలిగ్గా. మీ టైమ్ కదిలేది అక్కడే. విజిల్ వారంలో మంగళవారమే గట్టిగా పరిగెత్తుతారు కాబట్టి, ఆ వారం గురువారం పూర్తిగా తేలిక.

శనివారం ఆయన వేగంలో వెళ్లేటప్పుడు మీకు కాళ్లు ఈడ్చినట్టు ఉంటుంది. చాలామంది ఇక్కడ మామూలు అంగే వేస్తూ, ప్రతి అడుక్కీ ముందుకు పడకుండా ఆపుకుంటూ వెళ్తారు. తర్వాత మోకాలి ముందు భాగం లాగుతోందంటారు. అడుగు చిన్నది చేసి, అడుగుల లయ మామూలుగానే ఉంచండి. నలభై నిమిషాలకు మించొద్దు.

ఆయనకు ఏది తేలికో ఎలా తెలుస్తుందంటారా? వాచీలో గుండె వేగం చూసి కాదు. బీపీకి వాడే మాత్రల్లో అటెనొలాల్, మెటొప్రొలాల్, బిసొప్రొలాల్, నెబివొలాల్ లాంటివి గుండె వేగాన్ని పెరగనివ్వవు. ఎంత ఆయాసపడుతున్నా వాచీ మాత్రం 120 దగ్గరే నిలబడవచ్చు. దాన్ని చూసి 'మీకింకా చాలా ఓపిక ఉంది' అంటే పొరపాటు. పైగా ఆ మాత్రల వల్ల పరుగు కొంత బరువుగా అనిపించడం మామూలే, అది బద్ధకం కాదు. ఇలాంటివారికి మాటే కొలత. తేలిక రోజుల్లో ఆపకుండా రెండు మూడు పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. మంగళవారం నాలుగైదు మాటలకోసారి ఊపిరి తీసుకుంటే సరిపోతుంది. ఒక్క మాట కూడా రాకపోతే వేగం ఎక్కువైనట్టే. మన బీచ్ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి మే, జూన్‌లలో అదే వేగానికి మాటలు ఇంకా త్వరగా ఆగిపోతాయి. అప్పుడు కిలోమీటరుకు పదిహేను ఇరవై సెకన్లు వదిలేయండి, ఇద్దరూ.

పరుగులో ఛాతీ బరువెక్కినా, కళ్లు తిరిగినా, ఎప్పుడూ లేనంత ఆయాసం వచ్చినా అక్కడే ఆగి, ఆ రోజే డాక్టర్‌ని కలవాలి. 46 ఏళ్లు, బీపీ ఉంది కాబట్టి మంగళవారాలు మొదలుపెట్టే ముందు ఆయన తన ఫిజీషియన్‌తో మాట్లాడి, ఈసీజీ, అవసరమైతే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకుంటే మీకూ టెన్షన్ ఉండదు. వెళ్లేటప్పుడు మాత్రల స్ట్రిప్ వెంట తీసుకెళ్లమనండి. పరుగు కోసమని దాన్ని సొంతంగా మానేయడం, పొద్దున్న మాత్రను రాత్రికి మార్చుకోవడం లాంటివి మాత్రం వద్దు. మార్చాల్సి ఉంటే ఆ డాక్టరే మారుస్తారు.