గ్రామసభలో ముందు లెక్క చెప్పు, తర్వాత పనులు చెప్పు

అమ్మాయీ,

సర్పంచిగా నీ మొదటి గ్రామసభ దగ్గరపడిందని, ఏం మాట్లాడాలో తోచక టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నేను పత్తికొండ పక్కన ఎన్నో సభలు నడిపినవాణ్ణి కాబట్టి ఈ చిన్నాయనకు తోచింది రాస్తున్నా.

అందరూ చేసే పని ఒకటుంది, అది నువ్వు చేయొద్దు. మైకు పట్టుకోగానే "ఈ ఏడాది సిమెంటు రోడ్లు, కాలువలు, వీధి దీపాలు, కొళాయిలు" అని జాబితా చదువుతారు. జనం చప్పట్లు కొడతారు. ఆరునెలల తర్వాత అదే జాబితా పట్టుకొని నిలదీస్తారు. నువ్వు ముందు డబ్బు గురించి చెప్పు. మన పంచాయతీకి ఎంత వస్తుంది, అందులో మన ఇష్టప్రకారం ఖర్చు పెట్టగలిగింది ఎంత అనేది తెలిస్తే, ఏ పని ముందు చేయాలో వాళ్లే చెబుతారు.

ఈ రెండో ముక్క చాలామంది సర్పంచులకే తెలియదు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు పంచాయతీలకు ఇమ్మన్న డబ్బునే చూడు. అందులో 60 శాతానికి ముందే పేరు పెట్టి పంపేవాళ్లు. సగం పారిశుధ్యానికి, సగం తాగునీటికి, వాననీటి సంరక్షణకు. మిగిలిన 40 శాతమే ఊరి అవసరాన్ని బట్టి వాడుకునేది. దాంట్లోంచి కూడా జీతాలు ఇయ్యకూడదనే షరతు ఉండేది. ఇంటి పన్ను, నీటి పన్ను, సంత వేలం లాంటివి మన సాధారణ నిధి. అది వేరే ఖాతా. తర్వాత వచ్చే నిధులకు షరతులు మారితే ఆ ఉత్తర్వు సెక్రటరీతో చదివించుకో. పద్ధతి మాత్రం ఇదే.

ఆ 60, 40 పద్ధతినే పట్టుకొని ఒక లెక్క వేసి చూపిస్తా. ఏడాదికి 10 లక్షలు వచ్చిందనుకో. 3 లక్షలు పారిశుధ్యానికి, 3 లక్షలు నీళ్లకు పోతే చేతిలో మిగిలేది 4 లక్షలు. బోర్లకు, వీధి దీపాలకు కరెంటు బిల్లు ఏడాదికి లక్షన్నర అవుతుందనుకో, పన్నులు సరిగ్గా వసూలు కాకపోతే అది కూడా దీంట్లోంచే కట్టాలి. ఇంక మిగిలేది రెండున్నర లక్షలు. సభలో కాలనీవాళ్లు లేచి "మా వీధికి రోడ్డు ఎప్పుడు?" అంటారు. వీధి 100 మీటర్లు, ఇంజనీరు అంచనా 5 లక్షలు అనుకో. అంటే ఈ ఏడాది 50 మీటర్లే వస్తుంది. ఈ మాట దాచకుండా చెప్పు. "100 మీటర్లూ వేస్తాం" అని ఒక్కసారి నోరు జారితే ఐదేళ్లూ అదే మాట వినాల్సి వస్తుంది.

సగం రోడ్డు అంటే జనం ఊరుకోరు, నిజమే. అప్పుడే ఇంకో లెక్క విప్పు. ఆ వీధిలో నీళ్లు నిలిచే పల్లం ఎక్కడుందో వాళ్లనే అడుగు. మురుగునీరు నిలవకుండా చేసే కాలువ పారిశుధ్యం కింద వస్తుంది, కాబట్టి ఆ 3 లక్షల్లోంచి దానికి కొంత తీయొచ్చు. తాగునీటి పైపు మార్చాల్సి ఉంటే దానికి నీళ్ల డబ్బు ఉంది. రోడ్డు ఆఖర్న. ముందు రోడ్డు పోసి తర్వాత కొళాయి పైపు కోసం దాన్ని తవ్విన ఊర్లు మన జిల్లాలో ఎన్నో చూశాను, అతుకులేసిన ఆ రోడ్లు రెండు వానలకే గుంతలు పడతాయి. అందుకని ఈ ఏడాది పైపు, కాలువ, పల్లంలో 50 మీటర్ల రోడ్డు, వచ్చే ఏడాది మిగతా 50 మీటర్లు అని వరస చెప్పు. ఒకే వీధికి మూడు పద్దుల డబ్బు ఎందుకు వాడుతున్నామో ఆ వరసలోనే అర్థమవుతుంది.

ఉపాధి పనుల్లోంచి రోడ్డు వేయొచ్చు కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. 2006 ఫిబ్రవరిలో మన పక్క అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఆ పథకంలో నా కాలంలో కూలికి 60, సామగ్రికి 40 అని నిష్పత్తి ఉండేది. సిమెంటు, కంకర ఆ 40లోంచే రావాలి. కూలి పనులు బాగా జరిగిన చోటే సామగ్రి డబ్బు పెరుగుతుంది. పొలం గట్లు, ఫారం పాండ్లు, చెరువు పూడిక పనులకు జనం పోకుండా సిమెంటు రోడ్లు మాత్రం కావాలంటే కుదరదు. ఈ మాట మెత్తగా చెప్పు.

తర్వాత వచ్చే ప్రశ్న మర్యాదగా ఉండదు. "పోయినసారి డబ్బులేమైనాయి? ఎవరు తిన్నారు?" అంటారు. కోప్పడొద్దు. డబ్బు నీ చేతికి రాదని చెప్పు. పని అయ్యాక ఇంజనీరు కొలిచి ఎం-బుక్కులో రాస్తాడు. ఆ కొలత ప్రకారం బిల్లు తయారవుతుంది. నీ డిజిటల్ సంతకం, సెక్రటరీ సంతకం రెండూ పడితేనే ఈ-గ్రామ్ స్వరాజ్‌లో డబ్బు నేరుగా పని చేసినవాళ్ల ఖాతాకు పోతుంది. ఆ చెల్లింపుల పట్టీని సెక్రటరీతో ముందే ప్రింటు తీయించి సభలో చదివించు, పంచాయతీ గోడకు అంటించు. ఇంకోమాట, నీ డిజిటల్ సంతకం కీని ఎవరి దగ్గరా పెట్టొద్దు. మీ ఆయన దగ్గర కూడా. సభలో ఆయన్ను కింద జనంలోనే కూర్చోమను, లేకుంటే ప్రశ్నలన్నీ ఆయన్నే అడుగుతారు, నువ్వు సంతకాలకే మిగులుతావు.

రోడ్డు పని కొలత మాత్రం జనానికి నేర్పు. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. అంచుల్లో మందంగా పోసి నడుమ 10 సెంటీమీటర్లకే సరిపెడితే చూసేవాళ్లకు తెలియదు. మొత్తం అంతే పోస్తే 15 ఘనపు మీటర్లు, అంటే మూడో వంతు, మాయమైనట్టే. కాంక్రీటు పోసే రోజు నడుమ చువ్వ గుచ్చి స్కేలుతో కొలిస్తే తెలిసిపోతుంది. అంచనా కాగితం నకలు వీధివాళ్లకు ఒకటి ఇయ్యి, ఇద్దరు ఆడవాళ్లను ఆ రోజు దగ్గరుండి చూడమని సభలోనే చెప్పు. కాంట్రాక్టరుకు నీ కంటే వాళ్లంటేనే భయం. పోసిన తర్వాత కనీసం వారం రోజులు నీళ్లు కట్టి తడపాలని కూడా చెప్పు, మన ఎండలకు ఆ ఒక్కటి తప్పితే పైన పెచ్చులు లేస్తాయి.

పన్నుల సంగతి చివర్లో ఎత్తు. బకాయిదారుల పేర్లు చదవొద్దు, తగాదాలవుతాయి. వీధివారీగా ఎంత రావాలో, ఎంత వచ్చిందో చెబితే చాలు. మన బంధువుల బకాయి ఉంటే సభకు ముందే కట్టించు.

పనికిపోయే రోజుల్లో పగలు పదకొండింటికి సభ పెడితే ఉద్యోగస్తులు, ముసలివాళ్లే వస్తారు. కూలీలు ఇంటికొచ్చే వేళ చూసి పెట్టు. కాలనీల్లో కూడా దండోరా వేయించు.

తీర్మానం మాత్రం అందరూ ఉండగానే పుస్తకంలో రాయించు. పని పేరు, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, ఏ పద్దు, ఎంత మొత్తం అనేవి ఉండాలి. "రోడ్లు వేయుటకు తీర్మానించడమైనది" అని సెక్రటరీ రాస్తే ఒప్పుకోవద్దు, అలాంటి తీర్మానం మీద ఏ వీధికైనా రోడ్డు వేసుకోవచ్చు. గట్టిగా చదివించాకే సంతకాలు పెట్టించు, ఆఖరి సంతకం కింద ఖాళీ మిగిలితే గీత కొట్టించు. తెల్లకాగితం మీద సంతకాలు తీసుకొని తర్వాత రాసుకుంటామని ఎవరన్నా అంటే సభ రాత్రయినా సరే కూర్చోబెట్టు.

పాత తీర్మానాల పుస్తకం సభకు రెండు రోజుల ముందే తెప్పించుకొని చదువు. పోయిన సర్పంచి ఒప్పుకొని చేయని పనులు అందులో ఉంటాయి, మొదటి ప్రశ్నలు వాటి మీదే వస్తాయి.

మీ చిన్నాయన