ఆ 4,000 ఎవరు ఎవరికి ఇచ్చిన అడ్వాన్స్?

ప్రశ్న: గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ ట్రైనీగా చేస్తున్నాను. స్టైపెండ్ నెలకు 12,000. మెస్ రోజుకు 120, అది స్టైపెండ్‌లోనే కోసుకుంటారు. చేరినప్పుడు మెస్‌కి 4,000 అడ్వాన్స్ కట్టాను. జూలై, ఆగస్టు నెలాఖర్లలో 7,000 చొప్పున నా ఖాతాలో వేశారు. ఇప్పుడు మూడు నెలల స్టేట్‌మెంట్ ఇచ్చారు: స్టైపెండ్ 36,000, గైర్హాజరు కోత 3,600, మెస్ 92 రోజులకు 11,040, అడ్వాన్సులు 18,000, మిగిలింది 3,360. నా లెక్కలో 12,440 రావాలి. ఆగస్టు 11 నుంచి 17 వరకు అక్క పెళ్లికి ఊరెళ్లాను, వార్డెన్ గారికి ముందే చీటీ రాసిచ్చాను. సెప్టెంబరులో రెండు రోజులు జ్వరమొచ్చి హాస్టల్లోనే పడుకున్నాను. నాన్నకి కౌలు డబ్బుకి 10,000 పంపుతానన్నాను. ఇప్పటికి లోన్ యాప్‌లో తీసుకుని పంపేసి, తర్వాత స్టైపెండ్‌లో కట్టుకోనా?

జవాబు: వద్దమ్మా. లెక్క తేలకుండా అప్పు జోలికి వెళ్లొద్దు. మీలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి, అందరూ చేసే పొరపాటు ఒకటే: చేతికి వచ్చిన కాగితంలో చివరి అంకె చూసి టెన్షన్ పడిపోయి, పైనున్న వరసలు చదవకుండానే డబ్బు ఎక్కడ పుడుతుందా అని వెతకడం మొదలుపెడతారు. మీ కాగితంలో తప్పు పై వరసల్లోనే ఉంది. మీ లెక్కలో కూడా ఒకటుంది, అదీ చెబుతాను.

ముందు స్టైపెండ్ చూద్దాం. కోసింది 3,600, రోజులు తొమ్మిది, అంటే రోజుకు 400. దాన్ని 30తో గుణిస్తే 12,000 వచ్చింది కాబట్టి నెలకు 30 రోజుల లెక్కే పట్టుకున్నారు. కొన్నిచోట్ల ఆదివారాలు తీసేసి 26తో భాగిస్తారు, అప్పుడు రోజుకు 461 దాటి కోత 4,154 అయ్యేది. మీ దగ్గర అలా జరగలేదు. కాబట్టి ఈ మూడు నెలలకు మీకు రావాల్సిన స్టైపెండ్ 32,400, దీని మీద గొడవ లేదు.

మెస్ దగ్గర మాత్రం డ్యూటీకి రాని రోజు వేరు, అన్నం తినని రోజు వేరు. మీరు తొమ్మిదీ తీసేసి 83 రోజులకు లెక్క కట్టారు, వాళ్లు ఒక్కటీ తీయకుండా 92 రోజులకు లెక్క కట్టారు. రెండూ తప్పే. జ్వరమొచ్చిన రెండు రోజులూ మీరు హాస్టల్లోనే ఉన్నారు, మీకు జావో అన్నమో మెస్ నుంచే వచ్చింది, రాకపోయినా మీ పేరున వండారు. అవి తగ్గవు. పెళ్లికెళ్లిన ఏడు రోజులు తగ్గాలి. మీరు జత చేసిన హాస్టల్ నిబంధనల కాగితంలో వరసగా ఐదు రోజులు గానీ అంతకంటే ఎక్కువ గానీ హాస్టల్లో లేనప్పుడు, ముందుగా రాసిస్తే ఆ రోజులకు మెస్ చార్జీ వేయరని స్పష్టంగా ఉంది. ఇలాంటి చోట మామూలుగా జరిగేదేమిటంటే, సెలవు చీటీ ల్యాబ్ ఇన్‌చార్జి దగ్గరికి వెళ్తుంది, మెస్ రిజిస్టరు దాకా రాదు, దాంతో స్టైపెండ్ కోత పడుతుంది గానీ మెస్ తగ్గింపు పడదు. మీరు వార్డెన్‌కి ఇచ్చారు కాబట్టి గట్టిగా అడగొచ్చు. 10వ తేదీ రాత్రి భోజనం చేసి వెళ్లారా, 18న పొద్దున టిఫిన్‌కి వచ్చేశారా అనేది ఔట్ పాస్ పుస్తకంలో చూసుకోండి, బయల్దేరిన రోజునీ తిరిగొచ్చిన రోజునీ తినని రోజుల్లో కలపరు. ఏడు రోజులూ నిలిస్తే 840 తగ్గుతుంది, మెస్ 10,200 అవుతుంది.

ఇక అసలు విషయం, అడ్వాన్సులు. 18,000 ఎక్కడిది? ఖాతాలో వేసిన 7,000 రెండుసార్లు కలిపితే 14,000 మాత్రమే. మిగిలిన 4,000 మీరు కట్టిందే! వాళ్లు మీకిచ్చిన అడ్వాన్సూ, మీరు వాళ్లకిచ్చిన అడ్వాన్సూ ఒకే పేరుతో ఒకే వరసలో పడిపోయాయి. కూడాల్సింది తీసేశారు. మిర్చి యార్డులో నాన్నగారి పట్టీ గుర్తు తెచ్చుకోండి, ముందు తీసుకున్న డబ్బు పట్టీలో పోతుంది, అది న్యాయమే, కానీ నాన్న తానే షావుకారు దగ్గర దాచుకున్న డబ్బును కూడా బాకీ కింద రాస్తే ఊరుకుంటారా?

సరిగ్గా కడితే 32,400లో మెస్ 10,200, ముందు తీసుకున్న 14,000 పోగా 8,200. దానికి మీ 4,000 కలిపితే 12,200. వాళ్ల అంకెకీ దీనికీ తేడా 8,840. అందులో మెస్ 840 తీసేస్తే సరిగ్గా 8,000 మిగిలింది, దానిలో సగం 4,000. ఒక మొత్తం అటుది ఇటు పడితే తేడా ఎప్పుడూ దానికి రెట్టింపు వస్తుంది. అందుకే లెక్క కుదరనప్పుడు తేడాను సగం చేసి, ఆ అంకె కాగితంలో ఎక్కడైనా ఉందా అని వెతకాలి.

అయితే ఒకటి చూడండి. మీ 4,000 రసీదు మీద మెస్ అడ్వాన్స్ అని ఉందా, కాషన్ డిపాజిట్ అని ఉందా? డిపాజిట్ అయితే మీరు హాస్టల్ వదిలే రోజునే వెనక్కిస్తారు, అప్పుడు ఈ స్టేట్‌మెంట్‌లో అది కూడకూడదు, తీయనూ కూడదు, మీకు ఇప్పుడు వచ్చేది 8,200. ఎలా చూసినా 3,360 మాత్రం కాదు.

అకౌంట్స్ వాళ్ల దగ్గరికి నోటితో అడగడానికి వెళ్లకండి. పాస్‌బుక్‌లో రెండు 7,000ల ఎంట్రీలు, 4,000 రసీదు, వార్డెన్ సంతకమున్న చీటీ జిరాక్సులు తీయించి, "అడ్వాన్సుల వరసలో నేను చెల్లించిన 4,000 కూడా తీసివేశారు, ఆగస్టు 11 నుంచి 17 వరకు మెస్ తగ్గింపు ఇవ్వలేదు, సరిచేసిన స్టేట్‌మెంట్ ఇవ్వగలరు" అని రాసి ఇవ్వండి, మీ కాపీ మీద తేదీతో ముట్టినట్టు సంతకం తీసుకోండి. స్టేట్‌మెంట్ మీద మాత్రం సరిచేసేదాకా సంతకం పెట్టకండి.

లోన్ యాప్ సంగతి. 10,000 అని చూపించి ఫీజు కింద 1,500 ముందే పట్టుకుంటే చేతికొచ్చేది 8,500, నెల తిరిగేసరికి 10,000 కట్టాలి. ఆ లెక్కన నెలకే 17 రూపాయలకు పైగా వడ్డీ! ఊళ్లో రెండు రూపాయల వడ్డీ అంటేనే భయపడే ఇంట్లోంచి వచ్చి దీనికి ఎలా సిద్ధపడ్డారమ్మా? పైగా ఫోన్‌లో మన వాళ్ల నంబర్లన్నీ అడిగే యాప్ అయితే తలుపు దగ్గరే ఆపేయండి, రిజర్వు బ్యాంకు 2022లోనే అది కుదరదని చెప్పింది. చిట్టీ పాట, బంగారం తాకట్టు లాంటివి ఉన్నాయి గానీ మీకు ఇప్పుడు వాటి అవసరం లేదు.

ఇప్పుడు నేను ఎప్పుడూ పోరేది. 12,200 చేతికి వచ్చినా అందులో 4,000 సంపాదన కాదు, మీ డబ్బే మీకు తిరిగొచ్చింది. ఈ లెక్కలో అది సర్దేస్తే అక్టోబరు నుంచి మెస్ దగ్గర మీ పేరున ఏమీ ఉండదు, మళ్లీ అడ్వాన్స్ కట్టమంటారు, అప్పుడు మళ్లీ యాప్ గుర్తొస్తుంది. అందుకని ఆ 4,000 పోస్టాఫీసులోనో, ఏటీఎం కార్డు లేని వేరే బ్యాంకు ఖాతాలోనో వేసేయండి. మెస్‌కి నెలకు 3,600, ఆటోలకీ ఫోన్‌కీ సబ్బులకీ ఇంకో 1,400 అనుకుంటే మీ నెల ఖర్చు 5,000. మూడు నెలలది 15,000 పోగయ్యేదాకా ప్రతిసారీ 1,500 అయినా అక్కడికి చేరాలి, ఇంటికి పంపేది ఆ 1,500 తీసిపెట్టాకే. జ్వరం రెండు రోజులతో పోయింది కాబట్టి 800 కోతతో సరిపోయింది, అదే పది రోజులైతే 4,000 పోయేది, మెస్ చార్జీ మాత్రం తగ్గేది కాదు.

నాన్నగారికి ఈ సాయంత్రమే ఫోన్ చేసి 10,000 కాదు, ఈసారి 6,500 పంపగలనని, అది కూడా కాగితం సరిచేశాకే అని చెప్పండి. కౌలు ఇచ్చిన రైతుతో మిగతా 3,500కి గడువు ఆయనే మాట్లాడుకుంటారు.