‘క్రెడ్’ తెలిస్తే పది పదాలు, ‘సేక్రెడ్’ దగ్గర మాత్రం జాగ్రత్త

డిగ్రీ తెలుగు మీడియంలో చదివాను. ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కి ప్రిపేర్ అవుతున్నాను. రోజుకు ముప్పై ఇంగ్లిష్ పదాలు బట్టీ పడుతున్నా వారం తిరిగేసరికి సగం మర్చిపోతున్నాను. ప్రిఫిక్స్‌లు, సఫిక్స్‌లు నేర్చుకుంటే సరిపోతుందంటున్నారు. నిజమేనా సార్?
– ఒక అభ్యర్థి, నల్గొండ

సగం నిజం. ప్రిఫిక్స్‌ల పట్టిక ఒక్కటే బట్టీ పడితే అది మరో ముప్పై పదాల జాబితా అవుతుంది. పట్టికతో కాకుండా ఒక కుటుంబంతో మొదలుపెట్టండి.

ఈ పద్ధతి మీకు కొత్తది కాదు. ఆహారం, విహారం, సంహారం, పరిహారం – వీటన్నిటికీ ధాతువు ఒకటేనని, ముందున్న ఉపసర్గ అర్థాన్ని ఎటో లాక్కుపోతుందని వ్యాకరణంలో చదివే ఉంటారు. ఇంగ్లిష్‌లో ఉపసర్గ ప్రిఫిక్స్, ప్రత్యయం సఫిక్స్.

‘క్రెడ్’ అనే లాటిన్ ధాతువును తీసుకుందాం. అర్థం నమ్మడం. మన ‘శ్రద్ధ’కూ దీనికీ మూలం ఒకటేనని భాషా శాస్త్రవేత్తలు చెబుతారు. నోట్‌బుక్‌లో ఒక పేజీ మధ్యలో ఈ ధాతువు రాసి, చుట్టూ మీకు ముందే తెలిసిన పదాలు పెట్టండి. క్రెడిట్ అంటే నమ్మి ఇచ్చే అప్పు. మీ కాలేజీ బోర్డు మీద చూసే నాక్ అక్రెడిటేషన్, ఈ సంస్థను నమ్మవచ్చని ఇచ్చే గుర్తింపు. ఆ తర్వాతే కొత్తవి చేర్చండి: క్రెడిబుల్, క్రెడ్యులస్, ఇన్‌క్రెడిబుల్, ఇన్‌క్రెడ్యులస్, డిస్‌క్రెడిట్, క్రీడెన్స్.

పరీక్షలో చాలామంది జారిపడేది క్రెడిబుల్, క్రెడ్యులస్‌ల మధ్యే. తేడా అంతా సఫిక్స్‌లో ఉంది. ‘-ఇబుల్’, ‘-ఏబుల్’ అంటే మన ‘దగిన’. కాబట్టి క్రెడిబుల్ అంటే నమ్మదగిన. సాక్షి, వార్త, కథ క్రెడిబుల్ కావచ్చు. ‘-యులస్’ ఆ పని చేసే స్వభావాన్ని చెబుతుంది. ఎవరేం చెప్పినా ఇట్టే నమ్మేసేవాడు క్రెడ్యులస్. ముందు ‘ఇన్-’ చేరిస్తే ఇన్‌క్రెడిబుల్ నమ్మశక్యం కానిది, ఇన్‌క్రెడ్యులస్ నమ్మలేకపోతున్న మనిషి.

ఇప్పుడొక ఖాళీ పూరించే ప్రశ్న చూడండి. ‘దొంగ చెప్పిన కథ విని ఇన్‌స్పెక్టర్ ––– గా చూశాడు’ అన్న అర్థంలో ఇంగ్లిష్ వాక్యం ఇచ్చి, ఆప్షన్లలో ఈ నాలుగూ పెట్టారనుకోండి. నమ్మకపోవడం ఇన్‌స్పెక్టర్ వంతు, కథది కాదు. కనుక జవాబు ఇన్‌క్రెడ్యులస్. అర్థాన్ని ‘నమ్మకానికి సంబంధించినది’ అని మాత్రమే గుర్తుపెట్టుకున్నవారు ఇక్కడ ఇన్‌క్రెడిబుల్ టిక్ పెట్టేస్తారు. టియర్-1 ఇంగ్లిష్‌లో 25 ప్రశ్నలకు 50 మార్కులు. ఒక తప్పుకు అర మార్కు కోత, రావాల్సిన రెండు మార్కులు ఎలాగూ పోయాయి.

ఇక ఈ పద్ధతి ఎక్కడ మోసం చేస్తుందో చెప్పాలి. ‘సేక్రెడ్’లో కూడా క్రెడ్ కనిపిస్తుంది, కానీ అది ‘పవిత్రం’ అనే వేరే ధాతువు నుంచి వచ్చింది. అక్షరాలు కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు. ‘ఇన్-’ అన్నిచోట్లా ‘కాదు’ అనీ చెప్పదు. ఇన్‌ఫ్లేమబుల్‌లోని ‘ఇన్’ లోపలికి అనే అర్థంలో వచ్చింది, అందుకే ఆ పదానికి త్వరగా మంట అంటుకునేది అని అర్థం. పెట్రోల్ ట్యాంకర్ మీద ఆ మాట చూసి మండనిది అనుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. ఇన్‌వాల్యుయబుల్ విలువలేనిది కాదు, వెల కట్టలేనంత విలువైనది. యాంటనిమ్స్‌లో ఇలాంటివి ఇష్టంగా అడుగుతారు. అందుకే పదాన్ని విడగొట్టి వచ్చిన అర్థాన్ని అంచనాగానే తీసుకుని, డిక్షనరీలో ఒక వాక్యం చూసి ఖాయం చేసుకోండి.

‘ఇల్లీగల్’, ‘ఇంపాజిబుల్’, ‘ఇర్రెగ్యులర్’ చూసి కంగారుపడొద్దు. అన్నీ ‘ఇన్-’ మార్పులే, పక్క అక్షరానికి తగ్గట్టు మారాయి. సత్, జన కలిస్తే సజ్జన అయినట్టే. స్పెల్లింగ్ ప్రశ్నల్లో రెండు ‘ఎల్’లు ఎందుకొచ్చాయో దీంతో తెలుస్తుంది.

రోజుకు ముప్పై పదాలు ఆపేయండి. వారానికి రెండు కుటుంబాలు చాలు. క్రెడ్ తర్వాత మాట్లాడడానికి సంబంధించిన ‘లోక్’, ‘డిక్ట్’ తీసుకోండి. ఎలోక్వెంట్, లొక్వేషస్, కాంట్రడిక్ట్ అక్కడ దొరుకుతాయి. మూడో రోజున, పదో రోజున పేజీ మూసి, ధాతువు ఒక్కటే రాసుకుని మిగతావి గుర్తు తెచ్చుకోండి. ఆదివారం పాత పేపర్లలోని సినానిమ్, యాంటనిమ్, వన్‌వర్డ్ ప్రశ్నలు చేస్తూ, తప్పుపోయిన పదాన్ని దాని కుటుంబం పేజీలో చేర్చండి. ‘గలిబుల్’ లాంటిది ఏ కుటుంబంలోనూ ఇమడకపోతే, అర్థంలో దగ్గరున్న క్రెడ్యులస్ పక్కన రాసేయండి. వ్యాకరణ రీత్యా అది చుట్టం కాకపోయినా, ప్రశ్నపత్రంలో తరచూ దాని పక్కనే కూర్చుంటుంది.