నీ పట్టికలో ఒక వరుస అంటే ఏమిటి?

చిరంజీవి కార్తీక్‌కు,

పెదనాన్న ఆశీస్సులు. లెక్కల ప్రాజెక్టుకు పేరు ఇవ్వమన్నారనీ, నీకు క్రికెట్ తప్ప ఇంకేమీ తోచడం లేదనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. నువ్వు రాసుకున్న "క్రికెట్‌లో గణాంకాల పాత్ర" అనే పేరు కూడా చదివి వినిపించాడు. ఆ పేరు పెట్టుకుంటే ఇంటర్నెట్‌లోంచి పది పేజీలు ఎత్తిరాయడం తప్ప నువ్వు చేసే పని ఏమీ ఉండదురా. మీ టీచర్‌కూ అది చూడగానే తెలిసిపోతుంది.

డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పిన రోజుల్లో, ఎవరైనా పేరు పట్టుకుని వస్తే నేను అడిగేది ఒకటే: నీ పట్టికలో ఒక వరుస అంటే ఏమిటి? ఒక మ్యాచా, ఒక ఓవరా, ఒక ఇన్నింగ్సా, ఒక ఆటగాడా? దీనికి జవాబు లేకపోతే అది ఇంకా ప్రాజెక్టు కాదు, ఇష్టం మాత్రమే. "కోహ్లీ బ్యాటింగ్ విశ్లేషణ" అన్నా తేలదు. టెస్టులా, వన్డేలా, ఐపీఎల్లా? ఇన్నేళ్ల ఆటంతా ఒక్క పట్టికలో వేస్తే నువ్వు దేన్ని కొలుస్తున్నావో నీకే తెలియకుండా పోతుంది.

మారతహళ్ళిలో మీ అపార్ట్‌మెంట్ అంతా కోహ్లీ జట్టు ఆర్‌సీబీ జెండాలే కాబట్టి, అతన్నే తీసుకుందాం. కానీ ఒక్క సీజన్, 2016 ఐపీఎల్. ఆ ఏడు అతను 16 ఇన్నింగ్స్‌లో 973 పరుగులు చేశాడు. ఫైనల్ మన చిన్నస్వామి స్టేడియంలోనే జరిగింది, ఆర్‌సీబీ మీద 8 పరుగుల తేడాతో సన్‌రైజర్స్ గెలిచింది. ఇప్పుడు ఒక వరుస అంటే ఒక ఇన్నింగ్స్. వరుసగా అతని స్కోర్లు ఇవి: 75, 79, 33, 80, 100*, 14, 52, 108*, 20, 7, 109, 75*, 113, 54*, 0, 54. పక్కన * చుక్క ఉన్నవి నాటౌట్.

వీటిని కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు చాలామంది పడే గుంట ఒకటుంది. స్కోరును చుక్కతో సహా ఒకే గడిలో కొడితే స్ప్రెడ్‌షీట్ దాన్ని అంకెగా కాక అక్షరాలుగా చూస్తుంది. అప్పుడు `=AVERAGE(B2:B17)` అని రాస్తే ఆ నాలుగు ఇన్నింగ్స్‌ను నోరెత్తకుండా వదిలేస్తుంది. జవాబు సరిగ్గా 53 వస్తే అదే జరిగిందని అర్థం. పరుగులు B నిలువు వరుసలో, నాటౌటా కాదా అన్నది దాని పక్క నిలువు వరుసలో పెట్టు. తర్వాత మొత్తం కూడి చూడు. 973 రాకపోతే ఏదో వరుస తప్పింది. అది సరిచేశాకే ముందుకు కదులు.

ఇక అసలు విషయం. 973ని 16తో భాగిస్తే 60.8 వస్తుంది. కానీ ఏ క్రికెట్ సైట్ చూసినా ఆ సీజన్‌కు అతని సగటు 81.08 అనే ఉంటుంది. రెండూ తప్పు కాదు. క్రికెట్‌లో సగటు అంటే పరుగులను ఎన్నిసార్లు అవుటయ్యాడో దానితో భాగించడం. అతను అవుటైంది 12 సార్లే. ఆస్ట్రేలియా ఆటగాడు బ్రాడ్‌మన్ టెస్టు సగటు 99.94 కూడా ఇలా వచ్చిందే: 80 ఇన్నింగ్స్‌లో 6996 పరుగులు, 10 సార్లు నాటౌట్, కాబట్టి భాగించింది 70తో. మీ పుస్తకంలో ఉన్న అంకగణిత సగటు లెక్కన అయితే అతనికీ 87.45 మాత్రమే వస్తుంది. నీ ప్రాజెక్టుకు ప్రాణం ఈ తేడాలోనే ఉంది. పేరు దీని చుట్టూ అల్లుకుంటే టీచర్ ఆగి చదువుతారు.

అయితే ఒక్కడి అంకెలతో ప్రశ్న పుట్టదు, పక్కన ఇంకొకరు ఉండాలి. అదే సీజన్‌లో ఫైనల్ గెలిచిన జట్టు కెప్టెన్ వార్నర్ 17 ఇన్నింగ్స్‌లో 848 పరుగులు చేశాడు, మూడుసార్లు నాటౌట్. క్రికెట్ లెక్కన సగటు 60.57, మామూలు లెక్కన 49.9. ఇద్దరూ ఓపెనర్లే, ఇద్దరూ ప్రతి మ్యాచ్‌లోనూ బ్యాటింగ్ చేశారు. అందుకే ఈ జత నాకు నచ్చింది. ఆరో స్థానంలో వచ్చే ఆటగాడిని తెచ్చి కోహ్లీ పక్కన పెడితే, అతను బ్యాటింగ్‌కే రాని మ్యాచ్‌లను ఏం చేయాలో తేల్చుకోవాలి. వాటిని సున్నాలుగా వేశావంటే పాపం ఆ కుర్రాడిని నువ్వే డకౌట్ చేసినట్టు.

ఎవరు ఎక్కువ పరుగులు చేశారన్నది అందరికీ తెలిసిందే, దానికి ప్రాజెక్టు అక్కర్లేదు. ఎవరి ఆట ఎక్కువ నిలకడగా ఉంది అన్నది అడుగు. అడిగే ముందు, నిలకడను దేనితో కొలుస్తావో కాగితం మీద రాసిపెట్టుకో. లెక్కలు వచ్చాక కొలత ఎంచుకుంటే మనసుకు నచ్చినవాణ్ణి గెలిపించే కొలతే చేతికొస్తుంది.

స్కోర్లు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలతగా మీరు చదువుకున్న స్టాండర్డ్ డివియేషన్ చూద్దాం. కోహ్లీ 16 స్కోర్లకు `=STDEV.P(B2:B17)` దాదాపు 36.5 ఇస్తుంది. ఇది పెద్దదే. కానీ ఎందుకు పెద్దదో చూడు: సున్నా, ఏడు మాత్రమే కాదు, ఆ నాలుగు సెంచరీలు కూడా దాన్ని పెంచాయి. ప్రతి మ్యాచ్‌లోనూ 20 కొట్టి అవుటయ్యేవాడికి ఇది సున్నా వస్తుంది, అతన్ని ఎవరూ గొప్ప బ్యాట్స్‌మన్ అనరు. ఇక ఆ 36.5ను సగటు 60.8తో భాగించు, 0.60 వస్తుంది; ఇది ఎంత చిన్నదైతే ఆట అంత నిలకడ. వార్నర్‌కూ ఇలాగే చేస్తే వేర్వేరు సగటులున్న ఇద్దరినీ పక్కపక్కన పెట్టవచ్చు. దీనికి తోడు ఇంకో తేలిక కొలత పెట్టుకో: 30 లేదా అంతకు మించి చేసిన ఇన్నింగ్స్ ఎన్ని? కోహ్లీకి 16లో 12. ఈ రెండు కొలతలూ వేర్వేరు పేర్లు చెబితే కంగారు పడకు, నీ రిపోర్టులో రాయడానికి అదే మంచి పేరా అవుతుంది.

నాటౌట్ స్కోరు మధ్యలో ఆగిన స్కోరు. 54* దగ్గర ఆట ముగియకపోతే ఎంత చేసేవాడో మనకు తెలియదు. ఆ మాట రిపోర్టులో ఒక వాక్యంగా రాయి. అలాగే కోహ్లీకి బాగా కలిసొచ్చిన సీజన్‌ను మనం కావాలనే ఏరుకున్నాం కాబట్టి, ముగింపులో "కోహ్లీయే నిలకడైన బ్యాట్స్‌మన్" అని రాయకు. "2016 సీజన్‌లో, ఈ కొలత ప్రకారం" వరకే చెప్పగలవు. పేరులో "ప్రభావం", "కారణం" లాంటి మాటలు కూడా వద్దు, నీ పట్టిక వాటిని చూపించలేదు.

కాబట్టి పేరు ఇలా పెట్టు: "సగటు ఒక్కటే సరిపోతుందా? 2016 ఐపీఎల్‌లో కోహ్లీ, వార్నర్ ఇన్నింగ్స్ స్కోర్ల నిలకడ: ఒక పోలిక". ఎవరు, ఎప్పుడు, ఏ అంకె, దేనితో పోలిక అన్నీ అందులోనే ఉన్నాయి. పొడుగైందని టీచర్ అంటే మొదటి ప్రశ్న తీసేయి, మిగతాది కదపకు.

వార్నర్ 17 స్కోర్లు నేను ఇవ్వను. ఈఎస్‌పీఎన్ క్రిక్‌ఇన్ఫోలో ఒక్కో స్కోర్‌కార్డు తెరిచి నువ్వే రాసుకో. మొత్తం 848 వచ్చాక, జయనగర్ వచ్చేటప్పుడు ఆ పట్టిక తీసుకురా, డివియేషన్ ఇక్కడే కూర్చుని వేద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న