బ్లడ్ స్మియర్ తోక ఎందుకు చెడుతుంది?

చేత్తో పెరిఫెరల్ స్మియర్ ఎలా తీయాలి? నాకు ఫెదర్ ఎడ్జ్, అంటే స్మియర్ తోక, సరిగ్గా రావడం లేదు, రక్తహీనత ఉన్నవాళ్లకైతే మరీను.

ఈడీటీఏ రక్తాన్ని మెల్లగా తిరగేసి కలిపి, స్లైడ్ చివరికి ఒక సెంటీమీటరు ఇవతల 2-3 మిల్లీమీటర్ల చుక్క పెట్టండి. స్ప్రెడర్ స్లైడ్‌ను 30-45 డిగ్రీల వాలులో పట్టి చుక్క దాకా వెనక్కి లాగండి. రక్తం దాని అంచంతా పాకగానే, నొక్కకుండా, మధ్యలో ఆగకుండా ముందుకు తోయండి. గాలికి పూర్తిగా ఆరాకే లీష్మన్ స్టెయిన్.

మంచి తోక క్రమంగా పలచబడుతూ, గీతలు లేకుండా, కాస్త గుండ్రంగా ముగుస్తుంది. వెలుతురుకు వాల్చి చూస్తే ఇంద్రధనుస్సు రంగులు మెరుస్తాయి. దానికి కాస్త వెనక ఎర్రకణాలు ఒకే పొరగా పరుచుకుంటాయి, చదవాల్సింది అక్కడే. తోక దువ్వెన పళ్లలా చీలితే ముందు స్ప్రెడర్ అంచు చూడండి, పెచ్చు ఊడి ఉంటుంది. అలాంటి తోకలోకి తెల్లకణాలు ఈడ్చుకుపోయి, డిఫరెన్షియల్ కౌంట్ తప్పుతుంది.

రక్తహీనతలో రక్తం పలచన కాబట్టి స్మియర్ పొడవుగా సాగి, తోక స్లైడ్ దాటిపోతుంది. వాలు కొంచెం పెంచి, వేగంగా తోయండి.